చుట్టుకొలతలోని π వైశాల్యంలోకి ఎలా వచ్చింది?

వృత్తం గురించి బడిలో మన చేత రెండు సూత్రాలు కంఠతా పట్టిస్తారు. చుట్టుకొలత 2πr, వైశాల్యం πr². ఏది ఎక్కడ వాడాలో తికమకపడకుండా లెక్క చేసేస్తే మార్కులు పడతాయి. ఆ హడావిడిలో అడగవలసిన ప్రశ్న ఒకటి పక్కకు పోతుంది. రెండు సూత్రాల్లోనూ ఒకే π ఎందుకుంది? చుట్టుకొలత అంటే అంచు పొడవు, దారం చుట్టి కొలవగలిగేది. వైశాల్యం అంటే ఆ అంచు లోపల ఉన్న చోటు, గళ్ల కాగితం మీద గళ్లు లెక్కపెట్టి తెలుసుకోవలసినది. ఈ రెండింటికీ ఒకే సంఖ్య కుదరాలన్న నియమం పైకి ఎక్కడా కనిపించదు.

π అన్నది అసలు పుట్టింది అంచు దగ్గరే. ఏ వృత్తమైనా తీసుకుని దాని చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యకు పెట్టుకున్న పేరు అది. వ్యాసం అంటే 2r కాబట్టి చుట్టుకొలత 2πr అని రాయడంలో కొత్తగా రుజువు చేసింది ఏమీ లేదు, పేరు పెట్టడమే జరిగింది. రుజువు కావలసింది రెండో సూత్రానికి.

అందులోనూ సగం పని తేలికే. గళ్ల కాగితం మీద ఒక వృత్తం గీసి, ఆ కాగితాన్ని మొత్తంగా రెండింతలు పెద్దది చేయించామనుకుందాం. ప్రతి చిన్న గడీ అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు పెరిగి నాలుగింతల గడి అవుతుంది. వృత్తంలో ఉన్న గళ్ల సంఖ్య మాత్రం మారదు. కాబట్టి వ్యాసార్ధం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. అంటే వైశాల్యం ఏదో ఒక సంఖ్యను r²తో గుణిస్తే వచ్చేదే అయి ఉండాలి. ఆ సంఖ్య ఏ మేరలో ఉంటుందో కూడా వెంటనే చెప్పవచ్చు. వృత్తం చుట్టూ సరిగ్గా తాకేలా చతురస్రం గీస్తే దాని భుజం 2r, వైశాల్యం 4r². వృత్తం లోపల మూలలు అంచుకు తాకేలా చతురస్రం గీస్తే దాని వైశాల్యం 2r². మనకు కావలసిన సంఖ్య రెండుకూ నాలుగుకూ మధ్య ఎక్కడో ఉంది.

గ్రీకు గణితంలో యూక్లిడ్ ఇక్కడి వరకూ వచ్చి ఆగాడు. ఆయన ‘ఎలిమెంట్స్’ పన్నెండో భాగంలో వృత్తాల వైశాల్యాలు వాటి వ్యాసాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయని రుజువు చేశాడు. కానీ ఆ సంఖ్యకూ చుట్టుకొలతకూ సంబంధం ఉందన్న మాట అక్కడ లేదు. ఆ ముడిని గ్రీకుల్లో విప్పి చూపినవాడు ఆయన తర్వాత వచ్చిన ఆర్కిమెడిస్. మన దేశంలో ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లో ఆ సంబంధాన్ని సూటిగా చెప్పాడు: చుట్టుకొలతలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వృత్త వైశాల్యం వస్తుంది. ఇందులో π ప్రసక్తే లేదని గమనించండి. అంచు పొడవుకూ లోపలి చోటుకూ నేరుగా సంబంధం కలిపిన వాక్యం ఇది. సూత్రాన్ని ఈ రూపంలో చూడటమే నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే దీన్ని కత్తెరతో కళ్లముందు చూపించవచ్చు.

ఒక మందపాటి కాగితం మీద 7 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ఏడు ఎందుకంటే, πకి బదులు 22/7 వేసుకుంటే చుట్టుకొలత 44 సెం.మీ., వైశాల్యం 154 చదరపు సెం.మీ. అని లెక్క చక్కగా వస్తుంది. ఒక వ్యాసం గీసి, దానికి ఒక పక్కనున్న అర్ధవృత్తానికి రంగు వేయండి, రెండో సగాన్ని తెల్లగానే వదిలేయండి. ఈ రంగు అలంకారం కోసం కాదు, తర్వాత దీనితోనే పని. ఇప్పుడు కోణమానినితో కేంద్రం దగ్గర ఇరవై రెండున్నర డిగ్రీలకు ఒకటి చొప్పున గీతలు గీస్తే వృత్తం 16 సమాన ముక్కలవుతుంది. ఒక్కో ముక్కను పాఠ్యపుస్తకాల్లో త్రిజ్యాంతరం అనీ సెక్టరు అనీ అంటారు: రెండు వైపులా రెండు వ్యాసార్ధాలు, ఒక వైపు చిన్న చాపం. కాగితాన్ని నాలుగుసార్లు మడిచినా 16 భాగాలు వస్తాయి గానీ, నాలుగో మడత ఎనిమిది పొరల మీద పడుతుంది. లోపలి పొరలు జరిగిపోయి ముక్కలు చిన్నా పెద్దా అవుతాయి. కోశాక అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే ఏ ముక్క అంచు బయటికి పొడుచుకొచ్చిందో తెలిసిపోతుంది.

గీతల వెంట కత్తిరిస్తే ఎనిమిది రంగు ముక్కలు, ఎనిమిది తెల్ల ముక్కలు చేతికొస్తాయి. రంగు ముక్కలను మొనలు పైకి ఉండేలా, చాపాలు కిందికి ఉండేలా పక్కపక్కన వరుసగా పెట్టండి. రెండు మొనల మధ్య ఒక్కో ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీల్లో తెల్ల ముక్కలను తలకిందులుగా, మొనలు కిందికి ఉండేలా దూర్చండి. అన్నీ ఒకే కొలత ముక్కలు కాబట్టి పక్కలు సరిగ్గా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇప్పుడు బల్ల మీద ఉన్నది వృత్తంలా లేదు. కొంచెం పక్కకు వాలిన పలకలా, పైనా కిందా చిన్న చిన్న అలలతో ఉంది, సుమారుగా సమాంతర చతుర్భుజం. చివరి ముక్కను మధ్యకు నిలువుగా కోసి, ఆ సగాన్ని తీసుకెళ్లి రెండో కొసన పెడితే వాలు కూడా పోయి దాదాపు దీర్ఘచతురస్రం అవుతుంది.

దాని కింది అంచును చూడండి. మొత్తం రంగు వేసిన చాపాలే వచ్చాయి. అంటే అర్ధవృత్తం అంచు మొత్తం అక్కడ వరుసగా పరుచుకుంది. దాని పొడవు చుట్టుకొలతలో సగం, 22 సెం.మీ. మిగతా సగం పైఅంచుగా వెళ్లింది. ఎత్తు ఒక ముక్క పొడవు, అదే వృత్తం వ్యాసార్ధం, 7 సెం.మీ. దీర్ఘచతురస్రం వైశాల్యం 22ను 7తో గుణిస్తే 154. మధ్యలో కాగితం ఎక్కడా పోలేదు, ఎక్కడి నుంచీ రాలేదు, కాబట్టి వృత్తం వైశాల్యమూ అదే. అక్షరాల్లో రాస్తే, పొడవు πr, ఎత్తు r, వైశాల్యం πr².

మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సూత్రంలో r రెండుసార్లు వచ్చింది గానీ రెండూ ఒకే చోటి నుంచి రాలేదు. ఒకటి ముక్క ఎత్తుగా వచ్చింది, రెండోది సగం చుట్టుకొలతలో భాగంగా వచ్చింది. π వచ్చింది ఆ సగం చుట్టుకొలతతోనే. వృత్తం అంచు దీర్ఘచతురస్రానికి భూమిగా మారింది, అంచుకు చెందిన సంఖ్య దానితోపాటు వైశాల్యంలోకి వచ్చి చేరింది.

ఈ ఎరుక మన గ్రంథాల్లో ఎంత స్థిరంగా ఉందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి ‘గణితసారసంగ్రహం’ తెలుగువారికి కొత్త కాదు, పావులూరి మల్లన దాన్ని తెలుగు చేశాడు. మహావీరాచార్యుడు మోటు లెక్కకు వ్యాసానికి మూడింతలు చుట్టుకొలత అంటాడు, వైశాల్యానికి సగం వ్యాసపు వర్గానికి మూడింతలు అంటాడు. సూక్ష్మ లెక్కకు రెండు చోట్లా మూడు బదులు 10 వర్గమూలం వాడతాడు. మూడు తక్కువ, 10 వర్గమూలం కాస్త ఎక్కువ, రెండూ π కావు. కానీ చుట్టుకొలతకు ఏ సంఖ్య వాడితే వైశాల్యానికీ అదే వాడాలన్న సంగతి మాత్రం తప్పలేదు. ముక్కలు కోసి చూపే పద్ధతి చెప్పేది కూడా అంతే. π విలువ ఎంతో అది చెప్పదు, రెండు చోట్లా ఉన్నది ఒకటే సంఖ్య అని చెబుతుంది.

ఆర్యభటుడి సూత్రానికి ఈ కోత పద్ధతిని వివరణగా రాసిపెట్టినవాళ్లు తర్వాత వచ్చారు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘లీలావతి’కి గణేశ దైవజ్ఞుడు 1545లో ‘బుద్ధివిలాసిని’ అనే వ్యాఖ్య రాశాడు. పంచాంగకర్తలు తరతరాలుగా వాడుతూ వచ్చిన ‘గ్రహలాఘవం’ రాసిన గణేశుడే ఈయన. వృత్తాన్ని ముందు రెండు సగాలు చేయమంటాడు. ఒక్కో సగాన్నీ కేంద్రం నుంచి అంచు దాకా మొనదేలిన ముక్కలుగా కోసి, అంచు తిన్నగా అయ్యేలా సాగదీయమంటాడు. అలా సాగదీసిన రెండు సగాలూ రెండు దువ్వెనల్లా ఉంటాయి. ఒకదాని పళ్లను ఇంకోదాని సందుల్లోకి దూరిస్తే దీర్ఘచతురస్రం. పదహారో శతాబ్దంలోనే కేరళలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన ‘యుక్తిభాష’లోనూ ఇదే ఉపపత్తి ఉంది. మన పాత గణితంలో సూత్రాలే ఉన్నాయి, కారణాలు లేవు అనేవాళ్లు ఈ రెండు పుస్తకాలూ చూడాలి.

గణేశుడు చెప్పినట్టు అంచు దగ్గర ఒక సన్నటి పొర కోయకుండా వదిలేస్తే చేతిపనిలోనూ లాభం ఉంది. ముక్కలు విడిపోవు, వరుస తప్పవు. విడి ముక్కలతో చేసేటప్పుడు పిల్లలకు ఎదురయ్యే చిక్కు అతుకుల దగ్గర వస్తుంది. 16 ముక్కలను పక్కపక్కన అతికిస్తే మధ్యలో 15 అతుకులు. ఒక్కో అతుకు దగ్గర అర మిల్లీమీటరు సందు మిగిలినా మొత్తం ఏడున్నర మిల్లీమీటర్లు. 22 సెం.మీ. ఉండాల్సిన పొడవు 22.75 అయి, వైశాల్యం 154 బదులు 159 దాటుతుంది. ఇంకా సన్నగా కోస్తే బాగుంటుందని 32 ముక్కలు చేస్తే అతుకులు 31 అవుతాయి, తప్పు రెట్టింపవుతుంది. కాగితం మీద ఆలోచించేటప్పుడు ముక్కలు పెరిగేకొద్దీ జవాబు మెరుగవుతుంది, బల్ల మీద చేసేటప్పుడు ఒక హద్దు దాటాక చెడిపోతుంది. చేతిపనికి పదహారు చాలు. కొలత ఎక్కువ వచ్చిందంటే సందులు చూసుకోవాలి, తక్కువ వచ్చిందంటే ముక్కలు ఒకదానిమీదకొకటి ఎక్కాయేమో చూసుకోవాలి.

చేతి తప్పులు పక్కన పెట్టినా అసలు చిక్కు ఒకటి మిగిలే ఉంటుంది. మనం దీర్ఘచతురస్రం అన్నది నిజానికి దీర్ఘచతురస్రం కాదు. పైనా కిందా అలలున్నాయి. తెలివైన పిల్లలు ఇక్కడే ఆగి, ‘అంచు వంకరగా ఉంది కదండీ, తిన్నగా ఉన్నట్టు లెక్కేస్తే ఎలా?’ అని అడుగుతారు. ‘చాలా సన్నగా కోస్తే తిన్నగా అయిపోతుంది’ అని మనం జవాబు చెప్పి ముందుకు వెళ్లిపోతాం. ఆ జవాబు సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికి ఒక పేరుపడ్డ తప్పు లెక్క ఉంది.

వృత్తం చుట్టూ తాకుతూ చతురస్రం గీయండి. దాని చుట్టుకొలత వ్యాసానికి నాలుగింతలు. ఇప్పుడు నాలుగు మూలలనూ లోపలికి నొక్కండి. అంటే ప్రతి మూలా మెట్టులా లోపలికి విరిగి, దాని కొస వృత్తానికి తాకుతుంది. మెట్టు ఎక్కినా దిగినా అడ్డంగా నడిచే దూరం, నిలువుగా నడిచే దూరం మారవు కాబట్టి మొత్తం చుట్టుకొలత అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చిన మూలలను మళ్లీ నొక్కండి, మళ్లీ నొక్కండి. మెట్లు సన్నబడి సన్నబడి చివరికి కంటికి వృత్తంలాగే కనిపిస్తాయి. చుట్టుకొలత మాత్రం ఇప్పటికీ వ్యాసానికి నాలుగింతలే. అయితే π నాలుగా? కాదని మనకు తెలుసు. ఒక గీత ఇంకో గీతకు ఎంత దగ్గరగా వచ్చి ఆనినా, వాటి పొడవులు ఒకటి కానక్కరలేదు. మెట్ల గీత ప్రతి చోటా అడ్డంగానో నిలువుగానో పోతుంది తప్ప, వృత్తం పోయే దిక్కున ఎప్పుడూ పోదు. ఆ తేడా మెట్లు ఎంత చిన్నవైనా తగ్గదు.

మన ముక్కల అలల అంచుకు ఇదే గతి పట్టదని నమ్మకం ఏమిటి? కొలిచి చూడాలి. ఒక ముక్క చాపం రెండు కొసలనూ కలిపే తిన్నటి గీతను జ్యా అంటారు. కింది అంచు మీద స్కేలు పెట్టి కొలిస్తే మనకు దొరికేది ఎనిమిది జ్యాల మొత్తం, ఎనిమిది చాపాల మొత్తం కాదు. 7 సెం.మీ. వృత్తానికి సగం చుట్టుకొలత అసలు విలువ 21.99 సెం.మీ. (22 అన్నది 22/7 వాడినందువల్ల కాస్త ఎక్కువగా వచ్చిన అంకె). వృత్తాన్ని 8 ముక్కలే చేస్తే జ్యాల మొత్తం 21.43. 16 ముక్కలకు 21.85. 32కు 21.96. 64కు 21.98. మెట్ల గీత విషయంలో కదలకుండా కూర్చున్న తేడా ఇక్కడ ప్రతిసారీ సుమారు నాలుగో వంతుకు పడిపోతోంది. అల లోతూ అంతే. 8 ముక్కలప్పుడు చాపం తన జ్యా కంటే 5 మిల్లీమీటర్లకు పైగా బయటికి ఉబ్బి ఉంటుంది. 16 ముక్కలకు అది 1.3 మిల్లీమీటర్లు, 32 ముక్కలకు మిల్లీమీటరులో మూడో వంతు. పొడవూ ఎత్తూ రెండూ తాము చేరవలసిన చోటికే చేరుతున్నాయి. ‘తిన్నగా అయిపోతుంది’ అన్న మాట వెనక ఉండవలసిన హామీ ఇదే.

వైశాల్యంలోనూ దీన్ని చూడవచ్చు. ప్రతి ముక్కలో చాపాన్ని వదిలేసి జ్యా వరకే కోస్తే అది అచ్చమైన త్రిభుజం. అలాంటి 16 త్రిభుజాల వైశాల్యం 150.0 చదరపు సెం.మీ. చాపం బయట తాకేలా స్పర్శరేఖ గీసి అక్కడి దాకా తీసుకుంటే అదీ త్రిభుజమే, 16 కలిపి 155.9. వృత్తం ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉంది. 64 ముక్కలకు ఆ రెండు అంకెలూ 153.7, 154.1. వృత్తం అసలు వైశాల్యం 153.94.

అంకెలు దగ్గరవుతున్నాయని చూడటం ఒకటి, ఎప్పటికీ ఇలాగే అవుతుందని రుజువు చేయడం ఇంకొకటి. ఆర్కిమెడిస్ ‘వృత్తపు కొలత’ అనే చిన్న గ్రంథంలో చేసింది ఆ రెండో పని. ఆయన ముక్కలను తిరగేసి పేర్చలేదు. వృత్తం చుట్టుకొలత ఒక భుజంగా, వ్యాసార్ధం రెండో భుజంగా ఉన్న లంబకోణ త్రిభుజాన్ని తీసుకుని, వృత్తం వైశాల్యం సరిగ్గా దీనితో సమానం అన్నాడు. ఆ త్రిభుజం వైశాల్యం సగం చుట్టుకొలతను వ్యాసార్ధంతో గుణించినదే, అంటే మన దీర్ఘచతురస్రమే. ఆపై ఆయన వాదం ఇలా నడుస్తుంది.

వృత్తం ఆ త్రిభుజం కంటే కొంచెం పెద్దదని ఒకరు అన్నారనుకుందాం. ఎంత పెద్దది? ఇసుమంత అనుకోండి. వృత్తం లోపల చతురస్రం గీయాలి, ఆపై అష్టభుజి, పదహారు భుజాలది, అలా రెట్టింపు చేస్తూ పోవాలి. ప్రతిసారీ బహుభుజికీ వృత్తానికీ మధ్య మిగిలిన చోటులో సగం కంటే ఎక్కువే కొత్త బహుభుజి ఆక్రమిస్తుంది. ఎందుకంటే జ్యాకూ చాపానికీ మధ్య ఉన్న ఖండంలో శిఖరం దాకా గీసిన త్రిభుజం, ఆ ఖండాన్ని కప్పే దీర్ఘచతురస్రంలో సరిగ్గా సగం, ఖండమేమో ఆ దీర్ఘచతురస్రం కంటే చిన్నది. ప్రతిసారీ సగానికి పైగా పోతుంటే, మిగిలినది ఏదో ఒక దశలో ఆ ఇసుమంత కంటే కూడా తక్కువవుతుంది. అప్పుడు ఆ బహుభుజి త్రిభుజం కంటే పెద్దది కావాలి. కానీ బహుభుజి వైశాల్యం దాని సొంత చుట్టుకొలతలో సగాన్ని, కేంద్రం నుంచి దాని భుజానికి ఉన్న లంబదూరంతో గుణిస్తే వస్తుంది. ఈ రెండూ వృత్తానివాటికంటే చిన్నవే. కాబట్టి అది త్రిభుజం కంటే చిన్నదే కావాలి. ఒకే వస్తువు ఏకకాలంలో పెద్దదీ చిన్నదీ కాలేదు, అందుకని వృత్తం త్రిభుజం కంటే పెద్దదన్న మాట నిలవదు. చిన్నదన్నవారికి వృత్తం బయట బహుభుజులు గీసి ఇలాగే జవాబు చెప్పాడు. పెద్దది కాదు, చిన్నది కాదు, కనుక సమానం.

బయటి బహుభుజి దగ్గర ఒక మెలిక ఉంది. లోపలి జ్యా చాపం కంటే పొట్టిదన్నది అందరూ ఒప్పుకుంటారు, రెండు చుక్కల మధ్య తిన్నటి దారే దగ్గర దారి. బయటి స్పర్శరేఖల దారి చాపం కంటే పొడవైనదని మాత్రం అంత తేలిగ్గా తేలదు. ఇందాకటి మెట్ల గీత నేర్పిన పాఠం తర్వాత వంకర గీతల పొడవుల గురించి కంటిని నమ్మలేం. ఆర్కిమెడిస్ ఇంకో గ్రంథంలో, గోళం, స్తూపం గురించి రాసినప్పుడు, దీన్ని రుజువు చేయకుండా మొదట్లోనే ఒప్పుకోలుగా పెట్టాడు: ఎక్కడా లోపలికి నొక్కుకుపోకుండా ఒకే వైపు ఉబ్బిన రెండు గీతల్లో, ఒకదాన్ని చుట్టి ఉన్న రెండోది పొడవైనది. మెట్ల గీత ఇందులోకి రాదు, అది ప్రతి మెట్టు దగ్గరా లోపలికి నొక్కుకుపోతుంది. ఇంత చిన్న విషయాన్ని కూడా విడిగా ఎత్తి రాయాలని ఆయనకు తోచడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ కోత పద్ధతి ఎక్కడ పనికిరాదో కూడా చూస్తే, వృత్తానికి అది ఎందుకు పనికొచ్చిందో ఇంకా బాగా అర్థమవుతుంది. గోళం ఉపరితలం తీసుకోండి. భూగోళం నమూనా తయారుచేసేవాళ్లు పటాన్ని ధ్రువం నుంచి ధ్రువం దాకా మొనదేలిన పట్టీలుగా అచ్చువేసి బంతి మీద అతికిస్తారు. అమెరికా అన్న పేరు మొదట కనిపించిన పటాల్లో ఒకటి, 1507లో మార్టిన్ వాల్డ్‌సీమ్యూలర్ అచ్చువేయించిన భూగోళం పటం, ఇలాంటి 12 పట్టీలుగానే ఉంది. ఆ పట్టీలను భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా కోస్తే ఒక్కో అర్ధగోళానికి 12 మొనదేలిన ముక్కలు. చూడటానికి మన సెక్టర్లలాగే ఉంటాయి. మరి వాటినీ ఒకటి విడిచి ఒకటి తిరగేసి పేర్చి గోళం వైశాల్యం చెప్పేయవచ్చు కదా అనిపిస్తుంది.

చేసి చూద్దాం. 7 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న బంతికి భూమధ్యరేఖ 44 సెం.మీ., అక్కడి నుంచి ధ్రువానికి ఉపరితలం మీదుగా 11 సెం.మీ. ముక్కలను త్రిభుజాలనుకుని పేరిస్తే పొడవు 22, ఎత్తు 11, వైశాల్యం 242. రెండు అర్ధగోళాలకు 484 చదరపు సెం.మీ. అసలు జవాబు 616, అంటే అదే వ్యాసార్ధం ఉన్న వృత్తానికి సరిగ్గా నాలుగింతలు. తేడా 132. ఇది చాపం ఉబ్బు వల్ల వచ్చే చిన్న తేడా కాదు, పట్టీలు 12 బదులు 1200 చేసినా 484 అంకె కదలదు.

ముక్కను మధ్యలో కొలిస్తే కారణం దొరుకుతుంది. 12 పట్టీల్లో ఒక్కోదాని వెడల్పు భూమధ్యరేఖ దగ్గర 3.67 సెం.మీ. ధ్రువానికి సగం దారిలో, అంటే 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, త్రిభుజమైతే అందులో సగం, 1.83 ఉండాలి. నిజంగా అక్కడ వెడల్పు 2.59. పట్టీ పక్కలు తిన్నగా లేవు, బయటికి ఉబ్బి ఉన్నాయి. పట్టీని ఎంత సన్నగా కోసినా సగం దారిలో దాని వెడల్పు మొదట్లో ఉన్నదానిలో సగానికి రాదు, 71 శాతం దగ్గరే ఉంటుంది. అందుకే ఆ ముక్కలు ఒకదాని సందులో ఒకటి ఇమడవు, అంచులు ఒకదానిమీదకొకటి ఎక్కుతాయి. సెక్టరు పక్కలు మాత్రం వ్యాసార్ధాలు, అచ్చమైన తిన్నటి గీతలు. కేంద్రం నుంచి సగం దూరంలో దాని వెడల్పు కచ్చితంగా అంచు దగ్గరి వెడల్పులో సగమే, ముక్క లావుగా ఉన్నా సన్నగా ఉన్నా. వృత్తం ముక్కల్లో వంకర ఉన్నది చాపం దగ్గర ఒక్కచోటే, సన్నగా కోసేకొద్దీ కరిగిపోయే వంకర కూడా అదొక్కటే.